18వ తేదీ మంగళవారం నీళ్లు రావు – సోమవారం రాత్రి డ్రమ్ములు నింపవద్దని మనవి

అందరికీ నమస్కారం.

నవంబరు 18, మంగళవారం మన అపార్ట్‌మెంటుకు మున్సిపల్ నీళ్లు రావు. వీధి మలుపులో పెద్ద పైపు వాల్వు చాలాకాలంగా కారుతున్న సంగతి ఆ దారిన నడిచేవారందరికీ తెలుసు. అది మార్చి, పక్కనే వేసిన కొత్త పైపును పాతదానికి కలుపుతారట. ఉదయం 6 గంటలకు లైను కట్టేస్తారు. కాబట్టి సోమవారం సాయంత్రం 5 గంటలకు వచ్చే నీరే చివరిది. మంగళవారం ఉదయమూ రాదు, సాయంత్రమూ రాదు. బుధవారం ఉదయం సన్నగా రావచ్చు, రాకపోవచ్చు. బుధవారం సాయంత్రానికి మామూలుగా వస్తుందని చెప్పారు. బ్రహ్మపురంలో రోడ్డు తవ్విన పని చెప్పిన వేళకు పూర్తవుతుందని నేను మాట ఇవ్వలేను. అందుకే లెక్క రెండు రోజులకు వేశాం.

ఈ పని మొదట సోమవారమే పెట్టుకున్నారు. 17వ తేదీ కార్తీకమాసంలో చివరి సోమవారం, తెల్లవారుజామునే తలస్నానాలు ఉంటాయని చెప్పి ఒప్పించాం. అయితే గురువారం చేస్తామన్నారు. ఒడియావారికి కార్తీకం పౌర్ణమితోనే అయిపోయి మార్గశిరం నడుస్తోంది. గురువారం వారి మాణబసా పూజ. ముందురోజే ఇల్లంతా కడిగి ముగ్గులు వేసుకుంటారు. ఎ బ్లాకులో సగం ఇళ్లు వారివే. అటూ ఇటూ చూసి చివరకు మంగళవారానికి కుదిరింది. బుధవారం సాయంత్రం నీళ్లు వస్తే వారికి ఇల్లు కడుక్కోవడానికి కాస్త ఆలస్యమైనా ఇబ్బంది ఉండదు. ఇదే సమాచారం ఒడియాలో రాయించి రెండు లిఫ్టుల పక్కన అతికించాం.

ఇక అసలు విషయం. నీళ్లు రావని తెలియగానే ఇంట్లో ఉన్న గిన్నె, గంగాళం అన్నీ నింపి పెట్టుకోవడం మనకు అలవాటు. మన పెద్దలకు అది అవసరమే, ఎందుకంటే వారికి సంపు లేదు. మనకు ఉంది. కింద సంపులో 25,000 లీటర్లు పడుతుంది. అడుగున మోటారుకు అందనిది తీసేస్తే 22,000 మిగులుతుంది. పైన రెండు ట్యాంకుల్లో 8,000 చొప్పున 16,000. మొత్తం 38,000 లీటర్లు. మన 36 ఇళ్లలో ఇంటికి నలుగురు, మనిషికి పట్టణాలకు చెప్పే ప్రమాణం ప్రకారం రోజుకు 135 లీటర్లు అనుకుంటే, రోజుకు దాదాపు 19,500 కావాలి. అంటే రెండు రోజులకు సరిగ్గా సరిపోతుంది, వెయ్యి లీటర్లు మాత్రం తక్కువ. కొంచెం చూసి వాడుకుంటే కొరత అనే మాటే రాదు.

సోమవారం రాత్రి ప్రతి ఇంట్లో ఒక పెద్ద డ్రమ్ము, పది బకెట్లు నింపారనుకోండి. ఇంటికి 350 లీటర్ల చొప్పున 12,600 లీటర్లు ఒక్క పూటలో పోతాయి. మంగళవారం తెల్లవారకముందే నిల్వలో మూడో వంతు బాల్కనీల్లోకి చేరుతుంది. కింది అంతస్తులవారు ముందుగా నింపుకుంటే, పైఅంతస్తులో ఒంటరిగా ఉండే వృద్ధులకు కుళాయిలో గాలి వస్తుంది. బుధవారం సాయంత్రం నీళ్లు రాగానే ఆ డ్రమ్ములన్నీ మెట్ల మీద కుమ్మరిస్తాం. కరవు రాకముందే కరవు తెచ్చుకునే పని ఇది. ఇంటికి రెండు బిందెలు తాగడానికి, వంటకు, రెండు బకెట్లు మరుగుదొడ్డికి పట్టుకోండి, చాలు. వాటికి మూతలు పెట్టండి. డెంగీ దోమ మురుగులో కాదు, ఇలాంటి శుభ్రమైన నీళ్లలోనే గుడ్లు పెడుతుంది.

మంగళవారం, బుధవారం పై ట్యాంకుల నుంచి నీళ్లు ఉదయం 5.30 నుంచి 8 వరకు, మధ్యాహ్నం 12 నుంచి 1 వరకు, సాయంత్రం 6 నుంచి 8.30 వరకు వదులుతాం. పసిపిల్లలు, మంచం పట్టినవారు ఉన్న ఇళ్లు ముందుగా చెబితే మధ్యలో బకెట్లు పంపే ఏర్పాటు చేస్తాం. పార్కింగులో జనరేటరు పక్కనున్న బోరు కుళాయి రోజంతా తెరిచే ఉంటుంది. ఆ నీటికి ఇనుము వాసన ఉంది, మరుగుదొడ్లకు, నేల తుడవడానికి మాత్రమే. బకెట్లు పైకి మోయడంలో పెద్దవారికి వాచ్‌మన్ సాయం చేస్తానన్నాడు. అందరూ కలిసి అతడిని రోజంతా పరుగెత్తించవద్దు.

వాషింగ్ మెషీన్లు ఆ రెండు రోజులూ ఆపండి. పైనుంచి బట్టలు వేసే మెషీను ఒక్కసారి తిరిగితే వంద లీటర్లకు పైనే తాగుతుంది. ఇచ్ఛాపురంలో బంధువులున్నవారు చూసి రావడానికి ఇది మంచి సమయం, కాకపోతే బట్టల మూటతో వెళ్లకండి. ఆర్వో మెషీను వదిలేసే నీటిని బకెట్లో పట్టుకుంటే గిన్నెలు తొలిచేందుకు పనికొస్తుంది.

అన్నిటికంటే ముఖ్యంగా కుళాయి తిప్పి చూసి, నీళ్లు రాలేదని అలాగే వదిలేసి ఆఫీసుకు వెళ్లవద్దు. పైనుంచి నీళ్లు వదిలాక అది తెరిచే ఉంటే మీ ఇల్లు, కింది ఇంటి కప్పు రెండూ తడుస్తాయి. అటు మిగతావారి నీళ్లు డ్రైనేజీలోకి పోతాయి. ఇల్లు దాటేముందు స్నానాలగదిలో, వంటింట్లో, బాల్కనీలో కుళాయిలు కట్టి ఉన్నాయో లేదో చూసుకోండి. గీజర్లు కూడా ఆపేయండి.

బుధవారం నీళ్లు వచ్చినప్పుడు మొదట బురద, గాలి వస్తాయి. పైపు ఖాళీగా ఉన్నప్పుడు ఒత్తిడి పోయి, అతుకుల్లోంచి చుట్టుపక్కల మట్టి, మురుగు లోపలికి చేరే అవకాశం ఉంది. కామెర్లు, విరేచనాలు ఊళ్లలో ఇలా మొదలైన సందర్భాలు ఉన్నాయి. అందుకే మొదటి నీటిని సంపులోకి రానివ్వకుండా తోటలోకి వదిలి, తేటగా వచ్చాకే సంపు వాల్వు తెరుస్తాం. ఆలస్యమైందని ఎవరూ స్వయంగా వాల్వు తిప్పవద్దు, ఈ ఒక్కటీ గట్టిగా చెబుతున్నాను. శుక్రవారం వరకు తాగేనీరు తెర్లే వరకు కాచి చల్లార్చుకోండి. ఆర్వో ఉన్నా కాచడమే మేలు.

బుధవారం ఉదయం నీళ్లు రాకపోతే 5,000 లీటర్ల ట్యాంకరు 9 గంటలకు వస్తుంది. ముందే మాట్లాడి ఉంచాం. ఖర్చు నిర్వహణ నిధి నుంచే, ఎవరినీ వేరుగా అడగం. ఆ నీరు సంపులోకే పోస్తాం, ఇళ్లకు విడిగా బకెట్లలో ఇవ్వం. గేటు లోపల ఎడమవైపు మంగళవారం రాత్రి నుంచి కార్లు, బండ్లు పెట్టవద్దు. లేకపోతే ట్యాంకరు తిరగదు.

ఏదైనా అడగాలంటే ఇంటర్‌కామ్‌లో 204కు చేయండి. రాత్రి తొమ్మిది దాటితే మరుసటి ఉదయం వరకు ఆగండి. ఆ వేళకు నేను సంపు దగ్గర ఉంటాను, లేదా నిద్రలో ఉంటాను.

కమిటీ సభ్యుడు
బి–204