పది నిమిషాలు ముందు

పాత్ర: కొడుకు, ముప్పై అయిదేళ్లు. స్థలం: ఇంటి హాలు. స్టూల్ మీద నిలబడి, చేతిలో బ్యాటరీ. గోడ గడియారం ఆగిపోయి ఉంది.

(చిరాకు, లోపలికి) వేస్తున్నానమ్మా! ఒక్క నిమిషం.

(గడియారం దించుతాడు. వెనక గుండ్రటి మచ్చ. ఆశ్చర్యం) అబ్బో... గోడ అసలు రంగు ఇదా?

(తేలిగ్గా) నాన్నా, నీ గడియారం ఎప్పుడూ పది నిమిషాలు ముందే. ఇల్లంతా పరుగులు.

(వెక్కిరింపు, తండ్రి గొంతుతో) "రైలు మనకోసం ఆగదురా!"

(నవ్వు సగంలో ఆగుతుంది) ఒక్కసారీ తప్పలేదు. ప్లాట్‌ఫామ్ మీద గంటసేపు కూర్చోబెట్టేవాడివి.

(కోపం. అరవొద్దు, పళ్ల మధ్య నుంచి రావాలి) అన్నిటికీ ముందే వెళ్లాలి నీకు. దీనికి కూడానా?

(కోపం తన మీదకే తిరుగుతుంది) ఫోన్ మోగింది. చూశాను. మీటింగ్ అయ్యాక చేద్దాంలే అనుకున్నా.

(మూడు సెకన్ల మౌనం. పొడిగా) నలభై నిమిషాలు.

(బ్యాటరీ వేస్తాడు. టిక్. ఉలికిపాటు. ఫోన్ చూసి ముల్లు తిప్పుతాడు) ఆరూ ఇరవై.

(సందేహం, వేలు ముల్లు మీదే) అమ్మా! సరైన టైమే పెట్టేస్తున్నా. నీ మాత్రలకి ఇబ్బంది ఉండదు కదా?

(వింటాడు. మెత్తబడి) ఏంటీ... ఇంకా పది తీసేసే చూసుకుంటున్నావా?

(ముల్లు మెల్లగా ఆరున్నరకి. గొంతు పట్టేసినా మామూలుగా) సరేలే. అలాగే ఉంచుతున్నా.

(గడియారం తగిలిస్తాడు. మచ్చ కనబడదు. టిక్ టిక్ మీద లైట్లు ఆరతాయి.)