విషయం: ఫీల్డ్ కోఆర్డినేటర్ పోస్టుకు జూన్ 8న పంపిన దరఖాస్తు గురించి

నమస్తే మేడమ్,

నేను వరంగల్ కొత్తవాడ నుంచి శ్రావణిని. మీ జంపఖానాల విభాగంలో ఫీల్డ్ కోఆర్డినేటర్ పోస్టుకు జూన్ 8, సోమవారం దరఖాస్తు పంపాను. దాని సంగతి ఒకసారి కనుక్కుందామని రాస్తున్నాను. చివరి తేదీ మొన్న శుక్రవారమే కాబట్టి, అది కాకముందే అడిగి మిమ్మల్ని తొందరపెట్టడం బాగుండదని ఇవాళ్టిదాకా ఆగాను.

దరఖాస్తు అందినట్టు మెయిల్ ఏమీ రాలేదు. ఫోటోలతో కలిపి ఫైలు కాస్త బరువైంది, అందుకని స్పామ్‌లోకి పోయిందేమోనని అనుమానం. పాత మెయిల్ వెతికే పని మీకు లేకుండా రెజ్యూమే, దరఖాస్తు రెండూ చిన్న పీడీఎఫ్‌లుగా చేసి దీనికి మళ్లీ జతచేశాను. ముందే అందితే వీటిని వదిలేయండి.

ఇంకో ఫైలు మాత్రం కొత్తది. ఆన్‌లైన్ కేటలాగ్‌కు తెలుగులో వివరాలు రాయడం కూడా ఈ పనిలో భాగమని మీ ప్రకటనలో ఉంది కదా, అందుకే మా వాడలో నేసే మూడు రకాల జంపఖానాలకు నమూనాగా రాసి చూశాను. 2018లో జీఐ గుర్తింపు వచ్చిందన్న మాట అందరూ రాస్తారు, నేనూ రాశాను, కానీ కొనేవాళ్లకు అంతకంటే కావాల్సింది చేత్తో పట్టుకున్నప్పుడు తెలిసే సంగతులు: రెండు రంగుల నూలు కలిసేచోట సందు రాకుండా పోగులు ఒకదాన్లో ఒకటి ఎలా పెనవేస్తారు, రెండు వైపులా తిప్పి పరుచుకోవచ్చా, ఉతికితే రంగు దిగుతుందా. చివరిదానికి జవాబు నేతపనివాళ్లను అడిగే రాశాను, వాళ్లు చెప్పిన జాగ్రత్తలు కూడా చేర్చాను. మొత్తం ఒక్క పేజీయే, వీలున్నప్పుడు చూడండి.

నేను తెలుసుకోవాలనుకుంటున్నది ఒక్కటే మేడమ్: ఇంటర్వ్యూకు పిలిచేవాళ్లకు ఎప్పటిలోగా చెబుతారు? ఇప్పుడు పనిచేసే చోట మానేయాలంటే నెల ముందు చెప్పాలి, అందుకే అడుగుతున్నాను. తేదీ ఇంకా అనుకోకపోతే ఆ మాటే ఒక లైన్‌లో చెప్పినా చాలు. వేరేవాళ్లను తీసుకున్నా మొహమాటపడకుండా చెప్పండి, నేనేమీ అనుకోను.

రెజ్యూమేలో ఉన్న నంబరుకు సాయంత్రం ఐదు తర్వాత ఎప్పుడు చేసినా ఎత్తుతాను, పగలు డ్యూటీలో ఫోన్ పక్కన పెట్టాలి కాబట్టి వాట్సాప్ మెసేజ్ అయితే నయం. రమ్మంటే ఒకరోజు ముందు చెప్పండి, సెలవు పెట్టుకుని హనుమకొండ ఆఫీసుకే వస్తాను.

మీ టైమ్‌కు థ్యాంక్స్ మేడమ్.

ఇట్లు,
శ్రావణి
కొత్తవాడ, వరంగల్

జతచేసినవి: రెజ్యూమే, దరఖాస్తు, కేటలాగ్ నమూనా (ఒక పేజీ)