మైకేలిస్-మెంటెన్ గతిశాస్త్రం: లైన్‌వీవర్-బర్క్ గ్రాఫ్‌లో పోటీ నిరోధాన్ని గుర్తించడం

ఎంజైమ్ పరిమాణాన్ని మార్చకుండా సబ్‌స్ట్రేట్ గాఢతను పెంచుతూ పోతే చర్య వేగం మొదట్లో చకచకా పెరుగుతుంది, తర్వాత మందగించి ఒక గరిష్ఠ విలువకు చేరువవుతుంది. ఎంజైమ్ అణువుల్లో క్రియాశీల స్థానాలు దాదాపు అన్నీ నిండిపోవడమే దీనికి కారణం. ఇన్వర్టేజ్ చక్కెరను విడగొట్టే తీరును కొలిచి, లియోనార్ మైకేలిస్, మాడ్ మెంటెన్ 1913లో ఈ ప్రవర్తనను సమీకరణంగా రాశారు. E ఎంజైమ్, S సబ్‌స్ట్రేట్, ES రెండూ కలిసిన రూపం, P ఉత్పన్నం, v చర్య వేగం, Vmax గరిష్ఠ వేగం అనుకుంటే చర్య ఇలా సాగుతుంది:

```
E + S ⇌ ES → E + P
v = Vmax[S] / (Km + [S])
```

నేడు మనం వాడే ఉత్పాదన 1925లో బ్రిగ్స్, హాల్డేన్ చూపినది. ES ఎంత వేగంగా ఏర్పడుతుందో అంతే వేగంగా ఖర్చవుతుందని, అంటే దాని గాఢత కొంతసేపు మారదని వారు తీసుకున్నారు. అందుకే ప్రయోగంలో తొలి క్షణాల వేగాన్నే కొలవాలి. ఆలస్యమైతే సబ్‌స్ట్రేట్ తగ్గిపోతుంది, ఉత్పన్నం పోగవుతుంది.

[S] = Km అయినప్పుడు v సరిగ్గా Vmaxలో సగం. Kmను బంధన బలానికి కొలతగా చాలామంది రాసేస్తారు. కానీ ES నుంచి ఉత్పన్నం ఏర్పడే దశ, ES తిరిగి విడిపోవడం కన్నా బాగా నెమ్మదైనప్పుడే ఆ మాట సరిపోతుంది.

వక్రరేఖ మీద Vmaxను కంటితో అంచనా వేయడం కష్టం. 1934లో లైన్‌వీవర్, బర్క్ సమీకరణాన్ని తలకిందులు చేసి సరళరేఖగా మార్చారు:

```
1/v = (Km/Vmax)(1/[S]) + 1/Vmax
```

ఒక ఎంజైమ్‌కు Vmax నిమిషానికి 100 మైక్రోమోలార్, Km 2 మిల్లీమోలార్ అనుకుందాం. [S] 2 మిల్లీమోలార్ ఉంటే వేగం 50. ఇప్పుడు నిరోధకాన్ని కలిపితే అదే [S] దగ్గర వేగం 25కి పడిపోయింది. ఈ ఒక్క అంకెతో నిరోధం ఏ రకమో చెప్పలేం. వేర్వేరు గాఢతల దగ్గర కొలిచి, రెండు రేఖలూ గీయాలి. అప్పుడు రెండూ y-అక్షాన్ని 0.01 దగ్గరే తాకాయి. వాలు మాత్రం 0.02 నుంచి 0.06కి పెరిగింది. x-అక్షాన్ని తాకే బిందువు -0.5 నుంచి -0.167కి, సున్నా వైపు జరిగింది. అంటే Vmax మారలేదు, Km మాత్రం 6గా కనిపిస్తోంది. ఇదే పోటీ నిరోధానికి గుర్తు.

ఎందుకిలా? y-అక్షం మీద 1/[S] సున్నా, అంటే సబ్‌స్ట్రేట్ అనంతం. నిరోధకం కూర్చునేది సబ్‌స్ట్రేట్ కూర్చునే చోటే కాబట్టి, అంత సబ్‌స్ట్రేట్ ఉంటే నిరోధకానికి చోటు దొరకదు. సక్సినేట్ డీహైడ్రోజినేజ్ మీద మాలోనేట్ పనిచేసేది ఇలాగే. దాని ఆకారం సక్సినేట్‌ను పోలి ఉంటుంది. నిరోధకం గాఢత [I], ఎంజైమ్ నుంచి అది విడిపోయే స్థిరాంకం Ki అయితే, పైకి కనిపించే Km ఇంత:

```
Km(app) = Km(1 + [I]/Ki)
```

నిరోధకం 4 మిల్లీమోలార్ వేసి ఉంటే, 6 = 2(1 + 4/Ki) నుంచి Ki 2 మిల్లీమోలార్.

ఒక జాగ్రత్త: తక్కువ [S] దగ్గర వేగంలో చిన్న పొరపాటు కూడా విలోమం తీసుకోగానే పెద్దదవుతుంది, పైగా ఆ బిందువులే రేఖ వాలును ఎక్కువగా లాగుతాయి. కాబట్టి నిరోధం రకాన్ని ఈ గ్రాఫ్‌లో చూసి, Km, Vmax విలువలను అసలు వక్రరేఖకే అమర్చి లెక్కించాలి.