పరిశోధనా ప్రతిపాదనపై సమీక్షకుడి నివేదిక: అనంతపురం వేరుశనగలో అఫ్లాటాక్సిన్

ప్రతిపాదన: అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల్లో వర్షాధార వేరుశనగలో అఫ్లాటాక్సిన్ తగ్గించే సమగ్ర యాజమాన్యం
కాలవ్యవధి: 36 నెలలు (1 అక్టోబరు 2026 నుంచి)
అడిగిన మొత్తం: ఓవర్‌హెడ్ మినహా రూ. 94.76 లక్షలు
సిఫార్సు: సవరించి మళ్లీ సమర్పించాలి. సవరిస్తే రూ. 46.71 లక్షల వరకు మద్దతు ఇవ్వవచ్చు.

సమస్య నిజమైనది, ఎంచుకున్న ప్రాంతమూ సరైనదే. పంట చివరి నెలలో వానలు ముఖం చాటేసి నేల వేడెక్కితే ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ బూజు కాయలోకి చేరి అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. పీకిన చెట్లను పూర్తిగా ఆరకముందే వామి వేస్తే మరింత పెరుగుతుంది. ఈ రెండు దశలనూ ఒకే ప్రాజెక్టులో చూడాలన్న ఆలోచన బాగుంది. బృందానికి రైతులతో పాత పరిచయం ఉంది, పొలాలు ఇస్తామన్న అంగీకార పత్రాలు జతచేశారు. బలహీనత అంతా లక్ష్యాలు రాసిన తీరులోనూ, నమూనాలు తీసే పద్ధతిలోనూ, పరికరాల పద్దులోనూ ఉంది.

లక్ష్యాలు

నాలుగు లక్ష్యాల్లో మూడు ‘అధ్యయనం చేయడం’, ‘రూపొందించడం’, ‘అవగాహన కల్పించడం’ అని ముగుస్తాయి. మూడేళ్ల తర్వాత వీటిలో ఏది నెరవేరిందో, ఏది నెరవేరలేదో ఎవరూ తేల్చి చెప్పలేరు. రెండో లక్ష్యాన్ని ఇలా రాస్తే తేలుతుంది: ‘ఊడలు దిగే దశలో జిప్సం, విత్తేటప్పుడు మేలుచేసే శిలీంధ్రం ట్రైకోడెర్మా, విడివిడిగానూ కలిపీ వాడినప్పుడు, కోత నాటికి గింజలో మొత్తం అఫ్లాటాక్సిన్ ఏమీ వాడని మడితో పోలిస్తే కనీసం సగానికి తగ్గుతుందా?’ సగం అన్న సంఖ్య కాకుండా మరొకటి ఎంచుకున్నా అభ్యంతరం లేదు, కారణం చెబితే చాలు. కొలబద్ద ఏదో కూడా ముందే తేల్చుకోవాలి. ప్రాసెసింగ్‌కు వెళ్లే వేరుశనగకు కోడెక్స్ పరిమితి కిలోకు 15 మైక్రోగ్రాములు. నేరుగా తినే గింజకు ఐరోపా సమాఖ్య పరిమితి 4. ప్రతిపాదన ఒక పేజీలో ఒకటి, మరో పేజీలో ఇంకొకటి వాడింది.

నాలుగో లక్ష్యం, అంటే డ్రోన్ చిత్రాలతో అఫ్లాటాక్సిన్‌ను ముందుగా గుర్తించడం, తీసేయాలి. కాయ భూమిలో ఉంటుంది, డ్రోన్‌కు కనిపించేది ఆకు. పైరు బెట్టకు గురైందని చిత్రం చెప్పగలదేమో గాని, ఏ కాయలో బూజు పట్టిందో చెప్పలేదు. ఈ రెంటినీ కలిపే ప్రాథమిక సమాచారం ప్రతిపాదనలో ఒక్క వరుసైనా లేదు.

నమూనాలు: అసలు చిక్కు ఇక్కడే

ఒక్కో మడి నుంచి, ఒక్కో రైతు నిల్వ నుంచి 200 గ్రాముల గింజ తీస్తామన్నారు. ఈ విషం నిల్వంతటా సమానంగా పరుచుకోదు. వేల గింజల్లో ఏ ఒకటో రెండో విపరీతంగా చెడి ఉంటాయి. లెక్క కట్టి చూద్దాం. 0.4 గ్రాముల గింజ ఒకటి కిలోకు 40,000 మైక్రోగ్రాముల స్థాయిలో చెడిందనుకుంటే, అందులో ఉండేది 16 మైక్రోగ్రాముల విషం. అలాంటిది 5,000 గింజలకు ఒకటి ఉంటే ఆ నిల్వ సగటు కిలోకు 8 మైక్రోగ్రాములు. 200 గ్రాముల్లో వచ్చేవి దాదాపు 500 గింజలు. కాబట్టి పది నమూనాల్లో తొమ్మిదింటిలో ఆ గింజ పడదు, ఫలితం సున్నా. పదోదానిలో పడితే 80. సగటు 8 అయిన నిల్వకు 8 అన్న ఫలితం మాత్రం ఎప్పుడూ రాదు. బృందం జతచేసిన ప్రాథమిక ఫలితాలే దీనికి సాక్ష్యం: 40 నమూనాల్లో 31 గుర్తింపు స్థాయికి కింద, 3 మాత్రం 100 దాటాయి. దీన్ని ‘రైతుల మధ్య వ్యత్యాసం’ అని వ్యాఖ్యానించారు. ఇందులో ఎక్కువ భాగం నమూనా వ్యత్యాసమే అయివుండవచ్చు.

నమూనా 5 కిలోల గింజ ఉండాలి. అప్పుడు పై ఉదాహరణలో చెడ్డ గింజ పూర్తిగా తప్పిపోయే అవకాశం 8 శాతానికి దిగుతుంది. ఆ 5 కిలోలనూ మొత్తంగా రుబ్బాలి. కొంత తీసి రుబ్బితే మళ్లీ మొదటికే వస్తాం. నూనె గింజ కాబట్టి పొడిగా రుబ్బితే ముద్ద కడుతుంది. నీళ్లు కలిపి జారుగా రుబ్బి, అందులోంచి పరీక్షకు తీయాలి.

దీనివల్ల మడి పరిమాణం కూడా మారాలి. ప్రతిపాదనలో మడి 5 × 4 మీటర్లు, అంటే 20 చదరపు మీటర్లు. హెక్టారుకు 1,000 కిలోల కాయ పండినా ఆ మడిలో వచ్చేది 2 కిలోలు, పప్పు 70 శాతం లెక్కన 1.4 కిలోలు. 5 కిలోల నమూనా అందులోంచి రాదు. దిగుబడి సగానికి పడిపోయిన ఏడాదిలోనూ సరిపోవాలంటే మడి 150 చదరపు మీటర్లు ఉండాలి.

అమలు సాధ్యమేనా

ఆరు ట్రీట్‌మెంట్లు, మూడు రెప్లికేషన్లు అన్నారు. అందులో రెండు ట్రీట్‌మెంట్లు కోత తర్వాత ఆరబెట్టే పద్ధతికి సంబంధించినవి. వాటిని పొలం మడులతో కలపడం తప్పు. పొలంలో నాలుగే ఉంచండి: ఏమీ లేనిది, జిప్సం, ట్రైకోడెర్మా, రెండూ. రెప్లికేషన్లు నాలుగు చేయండి. 16 మడులు, 150 చదరపు మీటర్ల చొప్పున ఊరికి సుమారు 60 సెంట్ల నేల. అంగీకార పత్రాల ప్రకారం రైతులు అంతకంటే ఎక్కువే ఇస్తున్నారు. ఆరబెట్టే పద్ధతిని సర్వేలోని 20 మంది రైతుల దగ్గర జంటగా పోల్చండి: ఒకే పొలం పంటలో సగం వాళ్ల అలవాటు ప్రకారం వామి వేయాలి, సగం కాయలు పైకి ఉండేలా చెట్లు తిరగేసి ఆరబెట్టాలి.

ట్రైకోడెర్మాను పశువుల ఎరువులో కలిపి చల్లుతామన్నారు, మంచిదే. కానీ కంట్రోల్ మడికి ఎరువు ఇవ్వడం లేదు. అప్పుడు తేడా వస్తే అది ట్రైకోడెర్మాదా, ఎరువుదా? నాలుగు ట్రీట్‌మెంట్లకూ సమానంగా ఎరువు వేయాలి. జిప్సం మోతాదు 9వ పేజీలో హెక్టారుకు 500 కిలోలు, 14వ పేజీలో ఎకరాకు 500 కిలోలు. మొదటిదే సరైనది, ఎకరాకు 200 కిలోల లెక్క. పద్దు మాత్రం రెండోదాని ప్రకారం వేశారు.

మూడు ఖరీఫ్‌లు అని రాశారు గాని అక్టోబరు 2026లో మొదలుపెడితే ప్రాజెక్టు సెప్టెంబరు 2029లో ముగుస్తుంది. మూడో పంట పీకేది అక్టోబరు, నవంబరుల్లో. చేతికొచ్చేవి రెండే పంటలు. నమూనాల పట్టికలోనూ రెండే ఉన్నాయి. 1 ఏప్రిల్ 2027కు జరిపితే జూనియర్ రీసెర్చ్ ఫెలో, అంటే జేఆర్‌ఎఫ్, నియామకానికి సమయం దొరుకుతుంది, మూడు కోతలూ గడువులోపు వస్తాయి. మొదటి రెండూ ప్రధాన ప్రయోగాలు, మూడోది భరోసాకు.

భరోసా ఎందుకంటే, వానలు చివరిదాకా బాగా కురిస్తే అన్ని మడుల్లోనూ విషం సున్నాకు దగ్గరగానే ఉంటుంది, ఏ ట్రీట్‌మెంటు ఫలితమూ తేలదు. దీనికి ప్రతిపాదనలో జవాబు లేదు. పరిశోధనా కేంద్రంలోని ఒక ప్రయోగంలో చివరి 30 రోజులు వాన పడకుండా కప్పి, బూజును కృత్రిమంగా చల్లి చూడవచ్చు. బూజు చల్లే పనిని రైతు పొలంలో చేస్తామని 17వ పేజీలో రాశారు, అది చేయకూడదు. విషం తయారుచేసే బూజును ఇంకొకరి నేలలో చల్లడానికి ఏ అంగీకార పత్రమూ చాలదు. సర్వేలో ఒక రైతు నిల్వ పరిమితి దాటితే అతనికి ఏం చెబుతారు, ఆ సరుకు ఏమవుతుంది అన్నదీ రాయాలి.

బడ్జెట్

అఫ్లాటాక్సిన్‌ను కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రానికి 36 లక్షలు అడిగారు. 4వ అనుబంధం ప్రకారం ఇదే సంస్థ ఆహార ప్రయోగశాలలో 2019లో కొన్న, ఫ్లోరెసెన్స్ డిటెక్టర్ ఉన్న హెచ్‌పీఎల్‌సీ పనిచేస్తోంది. ప్రతిపాదనలోని 864 నమూనాలకు ఒక్కోదానికి 20 నిమిషాలు పట్టినా మొత్తం 288 గంటలు, అంటే మూడేళ్లలో 12 రోజుల పని. పాతదాన్ని వాడుకోనిస్తామన్న లేఖ తెస్తే చాలు. డ్రోన్ 8.50 లక్షలు నాలుగో లక్ష్యంతోపాటే పోతుంది. రుబ్బే యంత్రం, తేమ మీటర్ల 4 లక్షలను 5కు పెంచమంటున్నాను, 5 కిలోలు ఒకేసారి పట్టే యంత్రం కావాలి.

వినియోగ సామగ్రి 9 లక్షలు, ఒకే వరుస: ‘రసాయనాలు, గాజు సామాను’. హెచ్‌పీఎల్‌సీకి ముందు నమూనాలోంచి విషాన్ని వేరుచేసే ఇమ్యునోఅఫినిటీ కాలమ్ వాళ్ల కొటేషన్‌లోనే ఒక్కోటి రూ. 1,400. 864 నమూనాలకు కాలమ్‌లే 12.10 లక్షలు. అంటే పెద్ద యంత్రం కొని, దాన్ని నడపడానికి డబ్బు లేకుండా కూర్చునేవారు. బదులుగా నమూనాలన్నీ ఎలైసా కిట్లతో పరీక్షించి, కొన్నింటినే హెచ్‌పీఎల్‌సీపై నిర్ధారించవచ్చు. సర్వే 60 మంది రైతులు, రెండు దశలు, రెండేళ్లు: 240. ఆరబెట్టే పోలికకు అదనంగా 40. పొలం మడులు 128. మొత్తం 408, నాణ్యత పరీక్షకు 10 శాతం కలిపితే 449. ఎలైసా కిట్‌లోని 96 గుంతల్లో ప్రమాణాలకు 12 పోగా, జంటగా 42 నమూనాలు పడతాయి. కొటేషన్ ధర 40,000 చొప్పున 11 కిట్లు 4.40 లక్షలు. 15 శాతం, అంటే 61 నమూనాలను హెచ్‌పీఎల్‌సీపై నిర్ధారించడానికి కాలమ్‌లు 0.85 లక్షలు. రైతు దగ్గర 5 కిలోల గింజ ఊరికే తీసుకోకూడదు. 2025-26 మద్దతు ధర క్వింటాలు కాయకు రూ. 7,263 లెక్కన నమూనాకు సుమారు రూ. 520, 280 నమూనాలకు 1.46 లక్షలు. మిగిలే 2.29 లక్షలు జిప్సం, ఎరువు, ద్రావకాలకు.

జేఆర్‌ఎఫ్‌కు 31,000 అని పాత రేటు వేశారు. రెండేళ్లు 37,000, మూడో ఏడాది 42,000 చొప్పున 13.92 లక్షలు, 10 శాతం ఇంటి అద్దె భత్యంతో 15.31. ఇది తక్కువ అడిగిన పద్దు, పెంచాలి. క్షేత్ర సహాయకులు ఇద్దరూ ఏడాది పొడవునా అక్కర్లేదు. ఒకరు పూర్తికాలం, ఒకరు ఏటా ఆరు నెలలు, 10.80 లక్షలు. ప్రయాణాలకు 7.20 లక్షలు, అంటే రోజుకు 3,000 చొప్పున ఏటా 80 రోజులు. కళ్యాణదుర్గం వైపు రెండు ఊళ్లు, కదిరి వైపు రెండు. రోజుకు రెండు ఊళ్లు చూస్తే పక్షానికోసారి వెళ్లినా 16 రోజులు, కోతకు 8, సర్వేకు 12, మొత్తం 36. మూడో ఏడాదికి 10 రోజులు వేసినా 2.50 లక్షలు సరిపోతాయి. ఇతర ఖర్చులు 3 నుంచి 2 లక్షలకు తగ్గించవచ్చు. రైతు సమావేశాలకు 1.50 అలాగే ఉంచవచ్చు. మడుల్లో పంట నష్టానికి పరిహారం పద్దే లేదు, 0.60 లక్షలు చేర్చాలి.

ప్రధాన పరిశోధకుడు జవాబివ్వాల్సినవి

మొదట, పాత 40 నమూనాల్లో ఒకే నిల్వ నుంచి రెండుసార్లు తీసినవి ఏమైనా ఉన్నాయా? ఉంటే ఆ అంకెలు విడిగా ఇవ్వండి, నమూనా వ్యత్యాసం ఎంతో అక్కడే బయటపడుతుంది. రెండు, సున్నాలు ఎక్కువగా ఉండే ఈ ఫలితాలను ఏ గణాంక పద్ధతితో విశ్లేషిస్తారు? మామూలు అనోవా అని ఒక్క మాట రాశారు. కనీసం లాగ్ మార్పిడి, గుర్తింపు స్థాయికి కింద ఉన్న విలువలను ఎలా లెక్కిస్తారన్నది చెప్పాలి. మూడు, వాడే ట్రైకోడెర్మా ఎవరిది, గ్రాముకు కనీసం 20 లక్షల సీఎఫ్‌యూ ఉందని విత్తే రోజుకు ముందు ఎవరు పరీక్షిస్తారు?

కమిటీకి మాత్రమే

హెచ్‌పీఎల్‌సీ కొనడానికే ఈ ప్రతిపాదన రాశారని అనుమానించడానికి ఆధారం లేదు. పరికరాల పద్దు సగం దాటడం మాత్రం అడగదగ్గ విషయమే. సవరించిన ప్రతిలో మడి పరిమాణం, నమూనా బరువు మారకపోతే, మిగతావన్నీ సరిచేసినా నిధులు ఇవ్వవద్దని నా అభిప్రాయం.