నేలల రకాలు: 7వ తరగతి సామాన్య శాస్త్రం పాఠ్య పథకం

పాఠశాల: బాపట్ల మండలంలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. విద్యార్థులు 38 మంది. సంక్రాంతి సెలవుల తర్వాత వరుసగా రెండు రోజులు, రోజుకు ఒక 45 నిమిషాల పీరియడ్.

లక్ష్యం

నేలను రంగుతో కాక రేణువుల పరిమాణంతో గుర్తించడం. జల్లెడ ఎంతవరకు చెప్పగలదో, ఎక్కడ ఆగిపోతుందో పిల్లలు తామే తేల్చుకోవాలి. ఈ రెండో భాగం కోసమే పాఠాన్ని రెండు పీరియడ్లకు పెంచాను.

నమూనాల సేకరణ

పండగకు పిల్లలు ఎలాగూ చుట్టాల ఊళ్లకు వెళ్తారు. పర్చూరు వైపు వెళ్లేవారు నల్లరేగడి, రేపల్లె వైపు వెళ్లేవారు కృష్ణా డెల్టా ఒండ్రు, పొదిలి వైపు వెళ్లేవారు ఎర్రమట్టి తెస్తారు. సూర్యలంక ఇసుక నేను తెస్తాను.

సెలవులకు ముందు రోజు తరగతిలో చెప్పవలసినవి: చేను గలవారి అనుమతి తీసుకోవాలి, పెద్దవాళ్లు తోడుండాలి. పైనున్న ఆకులు, చెత్త తీసేసి, వి ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తీయాలి. గుంట గోడ వెంట పైనుంచి కిందిదాకా మట్టిని చెక్కినట్టు తీయాలి. గట్టు మీద, పెంటకుప్ప పక్కన, చెట్టు మొదట్లో తీయకూడదు. చేనులో నాలుగైదు చోట్ల తీసి కలిపితే అర కిలో చాలు. సంచిలో ఊరు, తేదీ, అక్కడి పంట రాసిన చీటీ ఉండాలి. చీటీ లేని మట్టి ఎంత మంచిదైనా పట్టికలోకి రాదు. మట్టిని కాగితం మీద పరిచి నీడలోనే ఆరబెట్టాలి.

మొదటి పీరియడ్: జల్లెడ పరీక్ష

సామగ్రి: బియ్యం జల్లెడ (రంధ్రాలు సుమారు 2 మి.మీ.), టీ వడకట్టే జల్లెడ (సుమారు 1 మి.మీ.), చపాతీ కర్ర, పాత వార్తాపత్రికలు, గ్రాములు చూపే చిన్న తూకం. మొత్తం ఎనిమిది జట్లు, ఒక్కో మట్టికి రెండేసి.

రేగడితో మొదలుపెట్టాలి. గడ్డలు చిదపకుండా జల్లిస్తే చాలా భాగం పైనే నిలుస్తుంది. పిల్లలు దాన్ని గులకరాళ్ల నేల అంటారు. అననివ్వాలి. ఆ తర్వాత అదే మట్టిని చపాతీ కర్రతో నలిపి మళ్లీ జల్లించమనాలి. రాయితో దంచితే అసలు రేణువులే పగిలి లెక్క తప్పుతుంది కాబట్టి కర్రే వాడాలి. ఇక ప్రతి జట్టూ నలిపిన మట్టి 100 గ్రాములు తూచి, రెండు జల్లెడలూ పట్టి, మూడు భాగాల బరువులు రాస్తుంది. మొత్తం ఒకటి రెండు గ్రాములు తగ్గితే ధూళిగా పోయిందని చెప్పవచ్చు. అయిదు గ్రాములు దాటి తగ్గితే మళ్లీ తూచాలి.

దుమ్ము లేస్తుంది. వరండాలో, ముక్కుకు రుమాలు కట్టుకుని చేయించాలి. చివర్లో సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

రెండో పీరియడ్: పట్టిక, వాదన

నేను ముందుగా చేసి చూసినప్పుడు వచ్చిన ఫలితాలివి. పిల్లల అంకెలు వేరుగా రావచ్చు. వాటినే నల్లబల్ల మీద రాయాలి, నావి కాదు.

| పరిశీలన | ఇసుక | ఒండ్రు | నల్లరేగడి | ఎర్రమట్టి |
|---|---|---|---|---|
| బియ్యం జల్లెడపై (గ్రా.) | 2 | 1 | 5 | 21 |
| టీ జల్లెడపై (గ్రా.) | 3 | 5 | 8 | 26 |
| కిందికి దిగింది (గ్రా.) | 95 | 94 | 87 | 53 |
| పైన మిగిలినవి | గవ్వ ముక్కలు | వేళ్లు | సున్నపు గుళ్లు | గులకరాళ్లు |
| తడిపి చేత్తో సాగదీస్తే | ఉండే కాదు | పొట్టి రిబ్బను | పొడవైన రిబ్బను | ఉండ అవుతుంది, రిబ్బను తెగుతుంది |
| సీసాలో నీళ్లతో కలిపి ఉంచితే | నిమిషాల్లో తేట | కొన్ని గంటలు మబ్బు | మర్నాటికీ మబ్బు | ఇసుక వెంటనే, మిగతాది నెమ్మదిగా |

మూడో వరుస దగ్గర ఆగి అడగాలి: "ఇసుకా ఒండ్రూ దాదాపు ఒకేలా దిగాయి, మరి రెండూ ఒకటేనా?" పాఠానికి ప్రాణం ఈ ప్రశ్నే. తొందరపడి జవాబు చెప్పకూడదు. సముద్రపు ఇసుక సన్నగా ఉండి టీ జల్లెడ దాటిపోతుంది. బంకమట్టి రేణువు 0.002 మి.మీ. కన్నా చిన్నది, దాన్ని ఆపే జల్లెడ ఏ వంటింట్లోనూ లేదు. అక్కడి నుంచి చెయ్యి, నీళ్లు చెప్పాలి. చివరి రెండు వరుసలూ అందుకే. సీసాలు మొదటి రోజే కలిపి కిటికీలో పెట్టాలి, లేకపోతే చివరి వరుసలో రేగడి గడి నిండదు.

"నల్లగా ఉంది కాబట్టి ఎరువు ఎక్కువ" అని ఎవరో ఒకరు తప్పక అంటారు. రేగడిలో సేంద్రియ పదార్థం తక్కువగానే ఉండవచ్చు. దాని గుణం ఉబ్బి, కుంచించుకునే బంకమట్టిది. వేసవిలో నెర్రెలు విచ్చేదీ అందుకే. ఎర్రమట్టి రంగు ఇనుము ఆక్సైడ్లది. ఇంతకు మించి రసాయనం ఈ తరగతికి అక్కర్లేదు.

మూల్యాంకనం

పేరు రాయని అయిదో సంచి ఇస్తాను: ఒండ్రులో సగం ఇసుక కలిపినది. ఏ పరీక్ష ముందు చేస్తారో, ఎందుకో రాయాలి. ఎంచుకున్న పరీక్షకు రెండు మార్కులు, కారణానికి మూడు.

ఇంటిపని

ఇంట్లో భూసార పరీక్ష కార్డు ఉంటే తెచ్చి, అందులోని ఏ వివరాలు మన పట్టికలో లేవో రాయాలి. కార్డు లేనివారు పక్కవారిది చూసి రాయవచ్చు.