ప్రశ్న: కుటుంబ నిర్ణయ పాత్రలను, కుటుంబ జీవిత చక్ర దశలను ఉదాహరణతో వివరించండి

జవాబు: అమలాపురం దగ్గర ఓ కొబ్బరి రైతు ఇంట్లో వాషింగ్ మెషీన్ కొన్నారనుకుందాం. పసిబిడ్డ గుడ్డలు ఉతకలేక ముందు మాటెత్తిన కోడలు ఆరంభకురాలు. మోడళ్లు పోల్చి చెప్పిన మరిది ప్రభావకుడు. వాయిదాల కరపత్రం అత్తగారి కంటపడకుండా బీరువాలో పెట్టేసిన మామగారు ద్వారపాలకుడు. సమాచారాన్ని ఆపడమో, పోనివ్వడమో ఆ పాత్ర, డబ్బివ్వడం కాదు. కొబ్బరి దింపు డబ్బులొచ్చాక ‘సరే, తెండి’ అన్న అత్తగారు నిర్ణేత. షాపులో డబ్బు కట్టిన కొడుకు కొనుగోలుదారు మాత్రమే. వాడేదీ కోడలే కనుక ఆమెవి రెండు పాత్రలు.

ఇక కుటుంబ జీవిత చక్రం: చివరి బిడ్డకు ఆరేళ్లలోపు కాబట్టి కోడలి సంసారం నిండుగూడు-1 దశ. ఆరు నిండితే నిండుగూడు-2: ఖర్చు ఫీజులు, సైకిళ్ల వైపు మళ్లుతుంది. అత్తమామలు పిల్లలతోనే ఉన్నారు; పిల్లలు ఇల్లు విడిచాక వచ్చే దశ ఖాళీగూడు కనుక, వయసు చూసి వాళ్లను అందులో చేర్చలేం. ఈ పాశ్చాత్య వర్గీకరణలో ఉమ్మడి కుటుంబం ఇమడదు.