మేడ మీది బాత్‌రూమ్ రిపేరు కొటేషన్

పర్లాకిమిడి
8-11-2025

అప్పారావు మాస్టారు గారికి నమస్కారం.

మొన్న గురువారం మీ ఇంటికి వచ్చి చూసిన 8x5 అడుగుల బాత్‌రూమ్‌కి లెక్క ఇది. కింద గది శ్లాబుకి చెమ్మ దిగుతోంది కదా, దానికి కారణం టైల్స్ కాదు. కమోడ్ వెనక ఇనప పైపు తుప్పు పట్టి, జాయింటు దగ్గర వేలు పెడితే పెచ్చులు రాలాయి. అందుకని పైపులన్నీ మార్చాకే టైల్స్ జోలికి వెళ్దాం.

సామాను (రూపాయల్లో)
గోడ టైల్స్ 12x18 అంగుళాలవి, 7 అడుగుల ఎత్తు వరకు, 180 చదరపు అడుగులు x 42: 7,560
గచ్చుకి జారని టైల్స్, 44 x 48: 2,112
సిమెంటు 8 బస్తాలు x 360: 2,880
ఇసుక: 1,800
వాటర్‌ప్రూఫింగ్ మందు: 1,500
గ్రౌట్: 300
సీపీవీసీ పైపులు, వాల్వులు: 3,400
4 అంగుళాల డ్రైనేజీ పైపు, నహానీ ట్రాప్: 1,900
వెస్ట్రన్ కమోడ్, ఫ్లష్ ట్యాంకుతో: 8,500
వాష్ బేసిన్: 2,200
కుళాయిలు, షవర్: 6,200
పీవీసీ తలుపు: 3,600
పట్టుకునే రాడ్లు 2 x 650: 1,300
రవాణా: 1,200
మొత్తం: 44,452

రాడ్లు మీరు అడగలేదు. అమ్మగారు గోడ పట్టుకుని లేవడం చూసి వేశాను. వద్దంటే తీసేస్తాను.

కూలి
పాతవి పగలగొట్టడం, ఇద్దరు, 2 రోజులు: 2,400
రబ్బిష్ ట్రాక్టరు, 2 ట్రిప్పులు: 1,400
ప్లంబరు: 5,000
గోడల పూత, మేస్త్రి, కూలి, 2 రోజులు: 3,000
వాటర్‌ప్రూఫింగ్, ఒక రోజు: 1,500
టైల్స్ అతకడం, 202 చదరపు అడుగులు x 30: 6,060
మొత్తం: 19,360

రెండూ కలిపి: 63,812
సీజీఎస్టీ 9 శాతం: 5,743.08
ఒడిశా ఎస్‌జీఎస్టీ 9 శాతం: 5,743.08
చెల్లించవలసింది: 75,298 (పైసలు వదిలేశాను)

బిల్లు లేకుండా చేస్తే ట్యాక్స్ మిగులుతుంది కదా అన్నారు. ఆ పని నేను చెయ్యను మాస్టారూ. రేపు ఏదైనా కారితే నన్ను నిలదీయడానికి మీ చేతిలో కాగితం ఉండాలి. టైల్స్ శ్రీకాకుళంలో కొన్నా, ఇల్లు ఒడిశాలో ఉంది కాబట్టి నా బిల్లు మీద పన్ను ఇలాగే పడుతుంది.

ఖర్చు తగ్గించాలంటే షవర్, బేసిన్ తక్కువ రకం తీసుకుందాం. వాటర్‌ప్రూఫింగ్‌లో మాత్రం రూపాయి కూడా తగ్గించను. మందు ఆరాక గుమ్మానికి గట్టు కట్టి 48 గంటలు నీళ్లు నిలబెడతాను. కింద శ్లాబు మీరే తడిమి చూసి సరే అన్నాకే టైల్స్ అతుకుతాం.

పని 12 రోజులు. అన్నాళ్లూ కింద బాత్‌రూమ్ వాడుకోవాలి. అడ్వాన్సు 30,000, టైల్స్ దిగాక 25,000, పని అయ్యాక మిగతా 20,298. గోడ లోపల కరెంటు వైరు పాడైతే దాని ఖర్చు వేరు, ముందే చూపించి చెబుతాను. ఈ రేట్లు 15 రోజులే. ఇసుక ధర మాత్రం నా చేతిలో లేదు.

టైల్స్ రంగు అమ్మగారిని అడిగి చెప్పండి, సోమవారం షాపుకి వెళ్తున్నాను.

ఇట్లు,
సింహాచలం మేస్త్రి